పాస్‌పోర్ట్ ఫొటో ఏఐ టూల్‌లో పెట్టేముందు: నల్ల గీత కింద ఏం మిగులుతుంది?

ప్రశ్న: పాపకి పాస్‌పోర్ట్ అప్లికేషన్ నింపుతున్నాను. నా పాస్‌పోర్ట్, పాప బర్త్ సర్టిఫికెట్ ఫొటో తీసి ఏఐ టూల్‌లో పెట్టి ఏ గడిలో ఏం రాయాలో అడుగుదామనుకుంటున్నాను. నంబర్ మీద నల్లగా గీసేస్తే సరిపోతుందా? పాప ఫొటో కూడా పెట్టి బ్యాక్‌గ్రౌండ్ తెల్లగా మార్చమందామని ఉంది. కాస్త టెన్షన్‌గా కూడా ఉంది.

సమాధానం:

సరిపోదండీ. పాస్‌పోర్ట్ గురించి ముందు చెప్తాను, ఎందుకంటే అందరూ పొరపడేది అక్కడే. గుర్తింపు కార్డుల ఫొటోల నుంచి వివరాలు చదివే సాఫ్ట్‌వేర్ మీద పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. జనం "దాచేశాం" అనుకుని పంపిన ఫొటోలు ఎన్ని చూశానో లెక్కలేదు. వాటిలో ఎక్కువగా కనబడేది ఒకటే: పైన మూలలో ఉన్న పాస్‌పోర్ట్ నంబర్ మీద శుభ్రంగా నల్ల పట్టీ ఉంటుంది, అదే నంబర్ పేజీ అడుగున అలాగే ఉంటుంది.

మీ పాస్‌పోర్ట్‌లో ఫొటో ఉన్న పేజీ తీసి అడుగున చూడండి. బాణం గుర్తులతో నిండిన రెండు వరుసలు ఉంటాయి. మనకి అది అర్థం లేని గీతల్లా కనిపిస్తుంది కాబట్టి దాన్ని దాచాలనే ఆలోచనే రాదు. కానీ అది యంత్రం చదవడానికే పెట్టినది, పేజీలో ఉన్న ముఖ్యమైన వివరాలన్నీ అందులో మళ్లీ ఉంటాయి. ఈ పద్ధతిని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఖరారు చేసింది, ఏ దేశం పాస్‌పోర్ట్ అయినా ఒకటే వరస. ఆ సంస్థే నమూనా కోసం లేని దేశం, లేని మనిషి పేరుతో ఇచ్చిన వరుసలు ఇవి:

```
P<UTOERIKSSON<<ANNA<MARIA<<<<<<<<<<<<<<<<<<<
L898902C36UTO7408122F1204159ZE184226B<<<<<10
```

ఒక్కో వరుసలో 44 అక్షరాలు. పై వరుసలో దేశం, ఇంటిపేరు, పేరు. కింది వరుసలో మొదటి తొమ్మిది అక్షరాలు పాస్‌పోర్ట్ నంబర్, దాని తర్వాత ఒక తనిఖీ అంకె, తర్వాత దేశం, ఆ తర్వాత 740812 అంటే పుట్టిన తేదీ, 1974 ఆగస్టు 12. దాని పక్కన మళ్లీ తనిఖీ అంకె 2, స్త్రీ అని చెప్పే F, ఆపైన గడువు తేదీ. పైన మీరు ఎంత జాగ్రత్తగా గీసినా ఈ ఒక్క వరుస వదిలేస్తే దాచింది ఏమీ లేనట్టే.

"పోనీ ఒకటి రెండు అంకెలు వేలితో కప్పేస్తే?" అని కొందరు అడుగుతారు. ఆ తనిఖీ అంకె ఉన్నది సరిగ్గా ఇలాంటి చోట్ల తప్పు పట్టడానికే, కాబట్టి కప్పిన అంకెని వెనక్కి కూడా తెస్తుంది. ఎలాగంటే, అంకెల్ని వరుసగా 7, 3, 1, మళ్లీ 7, 3, 1తో గుణించి కూడితే వచ్చే మొత్తంలో చివరి అంకే తనిఖీ అంకె. పైన పుట్టిన తేదీలో 8 మీద వేలు పెట్టారనుకోండి. మిగిలిన అంకెలతో 49, 12, 0, 3, 2 వస్తాయి, కూడితే 66. తనిఖీ అంకె 2 కావాలంటే కప్పిన అంకెని 7తో గుణించినప్పుడు చివర 6 రావాలి. అలా వచ్చేది 8 ఒక్కటే. కాగితం మీద అర నిమిషం లెక్క. అందుకే ఆ రెండు వరుసల్లో కొంత దాచి కొంత వదలడం కుదరదు, ఈ చివర నుంచి ఆ చివర దాకా మొత్తం కప్పాలి.

ఇంకో సంగతి, పాస్‌పోర్ట్‌లో చిప్ ఉంటే అది తెరుచుకోవడానికి వాడే తాళంచెవి కూడా ఈ వరుస నుంచే తయారవుతుంది: నంబర్, పుట్టిన తేదీ, గడువు తేదీ. ఇది చదివి భయపడిపోకండి, చిప్ చదవాలంటే పుస్తకం చేతికి అందేంత దగ్గర ఉండాలి, ఫొటో ఒక్కటే ఉంటే చిప్ చదవలేరు. కానీ ఆ మూడు వివరాల విలువ ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది కదా.

ఇక గీయడం సంగతి. మొన్నామధ్య మా తమ్ముడు కూడా ఇలాగే తన పాస్‌పోర్ట్ ఫొటో మీద ఫోన్‌లో ఉన్న పెన్నుతో గీసి నాకు చూపించాడు. "అన్నయ్యా, నాలుగుసార్లు రుద్దాను, ఏమీ కనబడట్లేదు" అన్నాడు. నేను అదే ఫొటో ఎడిట్‌లో తెరిచి బ్రైట్‌నెస్, ఎక్స్‌పోజర్ పూర్తిగా పెంచాను, కాంట్రాస్ట్ తగ్గించాను. నల్ల గీత బూడిదరంగుకి వచ్చింది, దాని లోపల్నుంచి నంబర్ మెల్లగా పైకి తేలింది. వాడు వాడింది మామూలు పెన్ను కాదు, హైలైటర్. అది ఎంత నల్లగా అనిపించినా సగం పారదర్శకంగానే ఉంటుంది, ఒకదాని మీద ఒకటి రుద్దితే మన కంటికి నల్లబడుతుంది కానీ కింద ఉన్న అంకెకీ కాగితానికీ మధ్య కొద్ది తేడా ఫైల్లో ఇంకా మిగిలే ఉంటుంది. మీరు ఇప్పటికే ఏదైనా గీసి ఉంటే ఇదే పరీక్ష చేసి చూడండి. స్లయిడర్ చివరి దాకా జరిపినా పట్టీ అంతా ఒకే రంగులో, మచ్చ లేకుండా ఉంటే దాగినట్టు. నీడలా ఏదైనా కనిపిస్తే దాగనట్టు.

మసకబార్చడం, గళ్లు గళ్లుగా చేయడం కూడా వద్దు. అక్షరాల ఆకారం, సైజు ముందే తెలిసినప్పుడు (పాస్‌పోర్ట్‌లో అది అన్నిచోట్లా ఒకటే) ఒక్కో అంకెని మసకబార్చి చూసి ఏది సరిపోలిందో వెతికే పద్ధతులు ఉన్నాయి, ఉచితంగా దొరికే ప్రోగ్రాములే ఉన్నాయి. కత్తిరించడం వీటన్నిటికన్నా మెరుగే, కానీ అందులోనూ ఒకసారి దెబ్బ తగిలింది. 2023 మార్చిలో గూగుల్ పిక్సెల్ ఫోన్ల స్క్రీన్‌షాట్ ఎడిటర్‌లో ఒక లోపం బయటపడింది. క్రాప్ చేసి సేవ్ చేస్తే పాత బొమ్మ తాలూకు డేటా ఫైలు తోకలో అలాగే ఉండిపోయేది, దాంతో కత్తిరించిన భాగాన్ని చాలావరకు తిరిగి తెచ్చేవారు. అలాంటిదే విండోస్ స్నిప్పింగ్ టూల్‌లోనూ దొరికింది. రెండూ సరిచేశారు, కానీ అంతకుముందు కత్తిరించి సేవ్ చేసుకున్న పాత ఫైళ్లు మాత్రం అలాగే ఉన్నాయి.

అందుకని నేను చెప్పే పద్ధతి చాలా మోటుగా ఉంటుంది. ఫోన్‌లో గీయకండి, ఫొటో తీయకముందే కప్పేయండి. మందపాటి అట్ట ముక్క అయినా, నాలుగు మడతలు పెట్టిన కాగితమైనా సరే (ఒక్క పొర పల్చటి కాగితం అయితే ఫ్లాష్ వెలుగులో కింద అక్షరాలు తెలుస్తాయి). అడుగు రెండు వరుసలూ, పైన నంబరూ, ఫొటో, సంతకం, పుట్టిన తేదీ కప్పి, మీకు సందేహం ఉన్న గడి మాత్రమే కనిపించేలా ఉంచి అప్పుడు తీయండి. లోపల లేనిది ఎవరూ బయటికి తీయలేరు. ఐఫోన్ అయితే లైవ్ ఫొటో ఆపండి, అది నొక్కడానికి ముందూ తర్వాతా ఒకటిన్నర సెకను చొప్పున వీడియో కూడా పట్టేస్తుంది, అట్ట సర్దుతున్న క్షణం అందులో పడొచ్చు.

ఇంతా చెప్పాక అసలు మాట. మీ పనికి ఫొటో ఎందుకు కావాలి? మా తమ్ముడి విషయంలో వాడి సందేహం ఒకటే: పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, పేరంతా కింది గడిలో కలిపి ఉంది, ఫారంలో మాత్రం రెండూ విడివిడిగా తప్పనిసరి అంటోంది, ఏం రాయాలి? ఈ ప్రశ్నకి వాడి నంబర్ అక్కర్లేదు, పుట్టిన తేదీ అక్కర్లేదు, మొహం అసలే అక్కర్లేదు. చివరికి వాడి పేరు కూడా అక్కర్లేదు. ఇలా టైపు చేయించాను:

"పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీ. రెండో గడిలో రెండు పదాల పేరు ఉంది. అప్లికేషన్‌లో ఇంటిపేరు గడి ఖాళీ వదలనివ్వట్లేదు. ఇలాంటప్పుడు మామూలుగా ఏం చేయమంటారు, అధికారిక సూచనల్లో ఏ భాగంలో చూడాలి?"

వచ్చిన జవాబుని వాడు అధికారిక సూచనల పేజీలో సరిచూసుకున్నాడు, పని అయిపోయింది. మీ పాప బర్త్ సర్టిఫికెట్‌కి కూడా ఇదే చేయండి. ఏ గడి అర్థం కాలేదో ఆ గడి శీర్షికని, అంటే అచ్చులో ఉన్న మాటల్ని మాత్రం టైపు చేసి అడగండి. శీర్షికలు అందరి సర్టిఫికెట్‌లోనూ దాదాపు ఒకటే, వాటిలో మీ రహస్యం ఏమీ లేదు. పక్కన నింపిన వివరాలు మాత్రం మీవి. లేదా ఖాళీ ఫారం ఫొటో పెట్టండి, హాయిగా పెట్టొచ్చు.

సర్టిఫికెట్‌లోంచి పొడుగాటి పాఠం టైపు చేయడం కష్టం, ఫొటో నుంచి అక్షరాలు లాగాలి అంటారా, దానికి చాలా ఫోన్లలో సొంత సదుపాయం ఉంది, అక్షరాల మీద వేలు నొక్కి ఉంచితే కాపీ అవుతాయి. అది ఫోన్ లోపలే జరుగుతోందా, ఎక్కడికైనా పంపుతోందా అన్నది తెలుసుకోవడానికి ఫ్లైట్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆగిందని చూసుకుని, కొత్తగా తీసిన ఫొటో మీద ప్రయత్నించండి. అప్పుడూ పని చేస్తే ఫోన్ తనే చదువుతోందన్నమాట.

బర్త్ సర్టిఫికెట్ గురించి ఇంకాస్త చెప్పాలి, మీరు దాన్ని పాస్‌పోర్ట్ కన్నా చిన్న విషయంగా చూస్తున్నట్టు అనిపించింది. అందులో పాప పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఊరు, తల్లి పేరు, తండ్రి పేరు ఉంటాయి. ఇవేవీ తేలిగ్గా మార్చుకోగలిగినవి కావు. పాస్‌పోర్ట్ నంబర్ అయినా కొత్త పుస్తకం వస్తే మారుతుంది. ఇవి పాప పెద్దయ్యాక బ్యాంకు ఖాతా తెరిచేనాటికి కూడా ఇవే. అదే సంభాషణలో మీరు పాప ఫొటో కూడా పెడితే, ఆ పేరుకి మొహం తోడవుతుంది. ఫొటో ఫోన్ కెమెరాతో ఇంట్లో తీసిందైతే, లొకేషన్ ఆన్‌లో ఉంటే, ఫైల్లోనే తీసిన తేదీ, టైము, అక్షాంశ రేఖాంశాలు కూడా కూర్చుని ఉంటాయి. ఆ అంకెల్లో దశాంశ బిందువు తర్వాత నాలుగు స్థానాలు ఉంటే చాలు, పదకొండు మీటర్ల తేడాతో చోటు తెలుస్తుంది, అంటే ఏ ఇల్లో తెలిసినట్టే. పైగా ఇదంతా మీ ఈమెయిల్‌తో తెరిచిన ఖాతాలో ఉంటుంది. విడివిడిగా చూస్తే ఒక్కోటీ చిన్నదే. ఒకే చోట పేరు, మొహం, ఇల్లు, తల్లిదండ్రులు కలిసినప్పుడు దాని బరువు వేరు.

లొకేషన్ తీసేయడం సులువు. ఆ ఫొటోని తెర మీద తెరిచి స్క్రీన్‌షాట్ తీసి, ఆ స్క్రీన్‌షాట్ వాడండి, పాత ఫొటోలోని అక్షాంశ రేఖాంశాలు దానికి రావు. ఐఫోన్‌లో షేర్ నొక్కాక పైన Options లో Location ఆపినా సరిపోతుంది. కంప్యూటర్ మీద చూడాలంటే ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. మొదటి ఆదేశం లొకేషన్ ఉందో లేదో చూపిస్తుంది, రెండోది అలాంటి దాగిన వివరాలన్నీ తుడిచేస్తుంది:

```
exiftool -gps:all photo.jpg
exiftool -all= photo.jpg
```

రెండోది నడిపాక పాత ఫైల్ని photo.jpg_original అనే పేరుతో పక్కనే ఉంచుతుంది, పొరపాటున దాన్ని పంపకండి. అయితే ఇది ఫైల్లోని లొకేషన్‌కే పని చేస్తుంది. కిటికీ బయట కనిపించే బోర్డు, పాప యూనిఫాం మీద స్కూలు పేరు, వెనక గోడకి తగిలించిన సర్టిఫికెట్, ఇవి బొమ్మలోనే ఉంటాయి, వాటిని ఏ ఆదేశమూ తుడవదు.

మీ టెన్షన్‌లో అసలు ప్రశ్న ఇదే అనుకుంటాను: అప్‌లోడ్ చేశాక అది ఎక్కడికి పోతుంది, డిలీట్ చేస్తే పోతుందా. రెండు విషయాలు విడిగా చూడాలి, కంపెనీ తన దగ్గర ఉంచుకోవడం ఒకటి, ఏఐకి నేర్పించే శిక్షణకి వాడటం ఒకటి. చాలా టూల్స్‌లో శిక్షణకి వాడొద్దని ఆపే సెట్టింగ్ ఉంటుంది, చాట్‌జీపీటీలో అయితే Data controls లో Improve the model for everyone అని కనిపిస్తుంది. అది ఆపడం మంచిదే, కానీ ఆపినంత మాత్రాన ఫొటో వాళ్ల దగ్గర ఉండదని కాదు, అది మీ చాట్ చరిత్రలో ఉంటూనే ఉంటుంది. పైగా ఆపింది ఆ తర్వాతి వాటికే, అప్పటికే శిక్షణలోకి వెళ్లిపోయింది వెనక్కి రాదు. జవాబు కింద కనిపించే బొటనవేలు గుర్తు నొక్కే అలవాటు ఉంటే ఇలాంటి సంభాషణల్లో మానుకోండి, సెట్టింగ్ ఆపినా సరే ఆ గుర్తు నొక్కితే సంభాషణ మొత్తాన్ని అభిప్రాయంగా తీసుకుని వాడుకోవచ్చని కొన్ని కంపెనీలు తమ నిబంధనల్లోనే రాసుకున్నాయి. గూగుల్ జెమిని నిబంధనల్లో అయితే మనుషులు పరిశీలించిన చాట్లు, మీరు చరిత్ర తుడిచేసినా మూడేళ్ల దాకా ఉండొచ్చని, రహస్య సమాచారం పెట్టొద్దని స్పష్టంగానే ఉంది. ఆ మాట నమ్మి పాటించాలి.

డిలీట్ మీద కూడా పూర్తి భరోసా పెట్టుకోలేం. తాత్కాలిక చాట్, డిలీట్ చేసిన చాట్ మామూలుగా 30 రోజుల్లో పోతాయని చాట్‌జీపీటీ కంపెనీ చెప్తుంది. కానీ 2025 మేలో, న్యూయార్క్ టైమ్స్ వేసిన కేసులో, సాక్ష్యం పోకూడదని అమెరికా కోర్టు ఆ తొలగింపుని ఆపమంది. కొన్ని నెలలపాటు, సెప్టెంబర్ చివరి దాకా, మామూలు వినియోగదారులు డిలీట్ చేసిన సంభాషణలు కూడా పక్కన భద్రపరిచారు. కంపెనీ మాట తప్పిందని కాదు, వాళ్ల చేతిలో లేని కారణం వచ్చింది. కాబట్టి పిల్లల వివరాల దగ్గర "తర్వాత తీసేద్దాంలే" అనే ఆలోచన పెట్టుకోకండి.

నిజం చెప్పాలంటే పెద్ద కంపెనీ సర్వర్ నుంచి మీ ఫొటో బయటపడటం కన్నా, మీ ఖాతాలోకే ఇంకెవరైనా వచ్చే అవకాశం ఎక్కువ. ఎక్కడో లీకైన పాస్‌వర్డ్ ఇక్కడా వాడి ఉంటారు, లేదా ఇంట్లో అందరూ ఒకే లాగిన్ వాడుతుంటారు. వచ్చినవాళ్లకి పాత చాట్లన్నీ వరుసగా దొరుకుతాయి. రెండంచెల తనిఖీ పెట్టుకోండి. అలాగే పేరు తెలియని యాప్‌లు, "ఉచిత ఏఐ ఫొటో" అని వచ్చేవి, వీటిలో చాలావాటికి సొంత ఏఐ ఉండదు, మీ ఫొటో ముందు వాళ్ల సర్వర్‌కి వెళ్లి అక్కడ్నుంచి వేరే కంపెనీకి వెళ్తుంది, అప్పుడు మీరు చదివిన నిబంధనలు సగం దారికే వర్తిస్తాయి. గుర్తింపు కార్డు, పిల్లల ఫొటో అలాంటి చోట ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి.

పాప ఫొటోకి తెల్ల బ్యాక్‌గ్రౌండ్ సంగతికి వస్తే, అది ప్రైవసీ కోసం కాకపోయినా మానుకోవాల్సిన పని. ఏఐతో గానీ, ఏ సాఫ్ట్‌వేర్‌తో గానీ మార్చిన పాస్‌పోర్ట్ ఫొటోని చాలా దేశాలు ఒప్పుకోవు. బ్యాక్‌గ్రౌండ్ మార్చేటప్పుడు టూల్ జుట్టు అంచులు, చెవుల దగ్గర కొత్తగా గీస్తుంది, ఒక్కోసారి చర్మం కూడా నునుపు చేసేస్తుంది. ఫొటో తిరిగొస్తే మళ్లీ మొదటికొస్తారు. చంటిపాప అయితే తెల్ల దుప్పటి నేల మీద పరిచి పడుకోబెట్టి, కిటికీ వెలుగు మొహం మీద సమంగా పడేలా చూసి, పైనుంచి నీడ పడకుండా తీయండి. కూర్చోగలిగిన పాప అయితే తెల్ల గోడకి రెండడుగులు ముందు కూర్చోబెట్టండి, నీడ గోడ మీద పడదు. పది తీస్తే ఒకటి బాగా వస్తుంది.

ఇప్పటికే ఏదైనా పెట్టేసి ఉంటే, ఆ చాట్ డిలీట్ చేయండి. కొన్ని టూల్స్‌లో అప్‌లోడ్ చేసిన ఫైళ్లు, తయారైన బొమ్మలు వేరే లైబ్రరీలో ఉంటాయి, చాట్ పోయినా అవి ఉంటాయి, అక్కడా చూడండి. టూల్‌కి మెమరీ ఉంటే అందులో పాప పేరు, పుట్టినరోజు లాంటివి నమోదయ్యాయేమో చూసి తీసేయండి. ఆ చాట్‌కి ఎప్పుడైనా షేర్ లింక్ చేసి ఉంటే ముందు దాన్ని రద్దు చేయండి. ఇంతవరకే జరిగి ఉంటే పాస్‌పోర్ట్ మార్చుకోవాల్సిన పనేమీ లేదు.

మీకు అర్థం కాని గడి ఏదో దాని శీర్షిక మాత్రం ఇక్కడ రాయండి, పేర్లు, తేదీలు లేకుండా. నాకు తెలిసింది చెప్తాను.